కొవ్వొత్తి ఆరాక ఎక్కిన నీళ్ళు

ఆ సైన్స్ ఫెయిర్ మొదటి రోజు సాయంత్రం మాస్టారి ప్రసంగం తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన మాటలు కాదు, ఒక గాజు జాడీ. మైకు దగ్గరికి ఆయన ఒట్టి చేతులతో రాలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి స్టాల్లోంచి పళ్ళెం, జాడీ, కొవ్వొత్తి అన్నీ అడిగి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నారు. ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని, "ఈ ప్రయోగం చాలా శ్రద్ధగా చేశావమ్మా. దీని గురించే మాట్లాడతాను, నీకు అభ్యంతరం లేదుగా?" అని అడిగి, ఆమె తలూపాకే మొదలుపెట్టారు.

ప్రయోగం అందరికీ తెలిసిందే. పళ్ళెంలో రంగు కలిపిన నీళ్ళు రెండు వేళ్ళ లోతున పోస్తారు. మధ్యలో కొవ్వొత్తిని దాని మైనంతోనే అతికించి వెలిగిస్తారు. దాని మీద గాజు జాడీ బోర్లిస్తారు. అంచు పళ్ళానికి అతుక్కుపోకుండా కింద రెండు మూడు నాణేలు పెడతారు, నీళ్ళు లోపలికి రావడానికి దారి ఉండాలి కదా. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్ళు జాడీలోకి ఎక్కుతాయి. ఆ అమ్మాయి జాడీకి ఐదు సమాన భాగాలు చేసిన కాగితం పట్టీ అతికించింది. నీళ్ళు సరిగ్గా మొదటి గీత దగ్గర ఆగాయి. వెనకాల చార్టు మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసి ఉంది: "గాలిలో ఐదో వంతు ఆక్సిజన్. మంట దాన్ని వాడేసుకుంటుంది. ఖాళీ అయిన చోటికి నీళ్ళు వస్తాయి. నిరూపించబడినది."

మాస్టారు ఆ చార్టు చదివి, "ఇందులో మొదటి వాక్యం నిజం. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. నా అభ్యంతరం ఆ వాక్యం మీద కాదు, చివరి మాట మీద. ఈ జాడీ ఆ వాక్యాన్ని నిరూపించిందా? నీళ్ళు ఎక్కడం మనం చూశాం. ఆక్సిజన్ ఖాళీ అవడం ఎవరైనా చూశారా?" అన్నారు.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఆయనకి జవాబు చెప్పే తొందర కూడా లేదు. "చెప్పిన మాట నిజమే అయినా దానికి చూపించిన ఆధారం తప్పు కావచ్చు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయం అంటాం. ఇక్కడ ఐదో వంతు అనే అంకె రెండు చోట్లా కనిపించింది. కాకి బరువుకే పండు రాలిందా, లేక ముచ్చిక ముందే ఊడి ఉందా అని ఇప్పుడు చూడాలి" అన్నారు.

ఆ తర్వాత ఆయన చేసినదంతా ఒకే పద్ధతిలో నడిచింది. ఈ మాట నిజమైతే ఇంకేం కనబడాలి, అబద్ధమైతే ఏం కనబడాలి అని ముందు బోర్డు మీద రాయించడం, తర్వాతే అగ్గిపుల్ల గీయడం. ముందే రాయించడానికి కారణం కూడా చెప్పారు. ఫలితం చూశాక ఆలోచిస్తే, ఏం కనబడినా మనం అనుకున్నదానికి సరిపోయేలా కథ అల్లేసుకుంటాం. ముందే రాసిపెట్టుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

మొదటి ప్రశ్న వేళ గురించి. మంట ఆక్సిజన్ని వాడుకుంటూ ఉండటం వల్లే నీళ్ళు ఎక్కుతున్నాయంటే, ఎప్పుడు ఎక్కాలి? మంట మండుతున్నంతసేపూ మెల్లమెల్లగా ఎక్కుతూ ఉండాలి. మంట ఆరగానే ఆగిపోవాలి, ఎందుకంటే ఆ తర్వాత వాడుకునేవాళ్ళు లేరు. ఇది బోర్డు మీదకి ఎక్కింది. ఒక అబ్బాయి చేతికి గడియారం ఇచ్చి సెకన్లు పైకి చదవమన్నారు. ఇంకొకరిని జాడీ పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, కళ్ళు నీటి మట్టానికి సమానంగా పెట్టి చూడమన్నారు. పైనుంచి వంగి చూస్తే మట్టం తప్పుగా కనిపిస్తుంది కాబట్టి.

జాడీ బోర్లించారు. సెకన్లు నడుస్తున్నాయి. మంట మండుతోంది, నీళ్ళు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. మంట చిన్నదై, నీలంగా మారి, సన్నటి పొగ వదిలి ఆరిపోయింది. అప్పుడు ఎక్కాయి నీళ్ళు. చూస్తుండగానే జరజరా పైకి పాకి, తర్వాత నెమ్మదించి, గీత దగ్గర ఆగాయి. పిల్లలందరూ ఆ ప్రయోగం అప్పటికి ఎన్నోసార్లు చూసినవాళ్ళే. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయో మాత్రం ఎవరూ చూడలేదు. ఎక్కాయా లేదా, ఎంత ఎక్కాయి అన్నదే చూశారు.

రెండోసారి పళ్ళెంలో కాస్త సబ్బునీళ్ళు కలిపారు. జాడీని కిందికి దించుతున్నప్పుడు, దించిన మొదటి క్షణాల్లో, అంచు కిందనుంచి బుడగలు బయటికి తన్నుకొచ్చాయి. సబ్బు లేకపోతే ఆ బుడగలు పుట్టిన క్షణంలోనే పగిలిపోతాయి, కంటికి ఆనవు. సబ్బు ఉంటే అంచు చుట్టూ నురగలా నిలబడతాయి. "లోపలి గాలిని మంట వాడేసుకుంటోందని చార్టు చెబుతోంది. ముందు జరిగింది గాలి బయటికి పోవడం" అన్నారు మాస్టారు. మంట పైన జాడీని తెచ్చేసరికే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. కొంత గాలి అంచు నీళ్ళను తాకకముందే బయటికి పోతుంది, కొంత బుడగలుగా పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి తోస్తుంది.

ఇది కూడా ఒక మాటే కదా, దీనికి మాత్రం ఆధారం అడగొద్దా అని ఆయనే అడిగారు. వెనక వరసలోంచి ఒక అబ్బాయి లేచి, "మంట ఆరాకే నీళ్ళు ఎక్కాయి, బుడగలు వచ్చాయి, చాలదా మాస్టారూ?" అన్నాడు. "అనుమానం బలపడింది నాన్నా. ఇక ఆక్సిజన్ లెక్కా వేడి లెక్కా ఒకదానికొకటి ఎదురు చెప్పే చోటు వెతకాలి. రెండూ ఒకటే చెప్పే చోట ఎన్నిసార్లు చూసినా తేడా తేలదు" అన్నారాయన.

అలాంటి చోటు కొవ్వొత్తుల సంఖ్యలో దొరికింది. అదే జాడీ, అదే గాలి. ఒక కొవ్వొత్తి పెట్టినా మూడు పెట్టినా లోపల ఉన్న ఆక్సిజన్ మారదు. మూడు ఉంటే త్వరగా అయిపోతుంది, అంతే. అంటే చార్టు ప్రకారం నీళ్ళు ప్రతిసారీ ఒకే గీత దగ్గర ఆగాలి. వేడి వల్ల అయితే మూడు మంటలు గాలిని ఎక్కువ వేడెక్కిస్తాయి, నీళ్ళు ఎక్కువ ఎక్కాలి. బోర్డు మీద రెండు జోస్యాలూ పక్కపక్కన రాయించి మూడు కొవ్వొత్తులు వెలిగించారు. నీళ్ళు ఐదో వంతు గీతని దాటి పైకి పోయాయి. ఆ అమ్మాయి ముఖంలో ఒక్క క్షణం కలత, వెంటనే కుతూహలం. "మాస్టారూ, ఉన్న ఆక్సిజన్ కన్నా ఎక్కువ ఎలా ఖర్చవుతుంది?" అని తనే అడిగింది. ఆ ప్రశ్న తన నోట వచ్చాక ఆయన దాని గురించి ఇంకేమీ మాట్లాడలేదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు లేకుండా నీళ్ళు ఎక్కుతాయా అన్నది తర్వాతి ప్రశ్న. అందరిలోకీ తేలికైన పరీక్ష ఇదే, ఎవరైనా చేసి చూడొచ్చు. కొవ్వొత్తి తీసేశారు. జాడీని చెయ్యి ఓర్చుకోలేనంత వేడి నీళ్ళతో నింపి, నిమిషం ఉంచి, గుడ్డతో పట్టుకుని పారబోసి, వెంటనే అదే పళ్ళెంలో బోర్లించారు. మంట లేదు, ఏదీ కాలలేదు, ఆక్సిజన్ని వాడుకున్నది ఏమీ లేదు. నీళ్ళు లోపలికి ఎక్కాయి. ఇక్కడ ఆయన ఒక జాగ్రత్త చెప్పారు. వేడి నీళ్ళతో కడిగిన జాడీలో వేడి గాలితో పాటు నీటి ఆవిరి కూడా ఉంటుంది. అది చల్లబడి నీళ్ళయిపోతే చాలా చోటు ఖాళీ అవుతుంది. కాబట్టి ఎక్కిందంతా గాలి కుంచించుకోవడం వల్లే అని ఈ పరీక్ష చెప్పదు. మంట లేకుండా కూడా నీళ్ళు ఎక్కుతాయని మాత్రం చెబుతుంది. ఆవిరి గొడవ లేకుండా కావాలంటే పొడి జాడీలోకి జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో వేడి గాలి ఊది బోర్లించాలి. అప్పుడూ ఎక్కుతాయి. గాజు మందమైనదైతే, చల్లగా ఉన్నదైతే వేడికి పగలొచ్చనీ, వేడి నీళ్ళ పని పెద్దవాళ్ళు చెయ్యాలనీ మైకులో రెండుసార్లు చెప్పారు.

ఇక్కడిదాకా వచ్చాక ఆయన సుద్దముక్క తీసుకుని ఒక లెక్క వేశారు. ప్రసంగం మొత్తంలో మనసులో బాగా నాటుకుపోయింది ఆ లెక్కే.

జాడీలో గాలి 400 మిల్లీలీటర్లు అనుకుందాం. మంట ఆరేటప్పుడు ఆ గాలి సగటున 90 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం, చివరికి 30కి వచ్చింది. కెల్విన్ లెక్కలో 363 నుంచి 303కి. అరవై డిగ్రీలు తగ్గింది. 60ని 363తో భాగిస్తే సుమారు 16.5 శాతం, అంటే 66 మిల్లీలీటర్లు. ఇది ఒక్క చల్లబడటం వల్ల.

ఇప్పుడు ఆక్సిజన్. కొవ్వొత్తి మంట ఆక్సిజన్ మొత్తం అయిపోయేదాకా మండదు. మూసిన చోట గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి సుమారు 16 శాతానికి పడిపోయేసరికి ఆరిపోతుంది. అంటే వాడుకున్నది దాదాపు 5 శాతం, 400లో 20 మిల్లీలీటర్లు. అదీ ఊరికే మాయమైపోదు. మైనం కాలితే కార్బన్ డయాక్సైడ్, నీరు పుడతాయి. మైనంలో ఉండే ఒక రకం అణువుతో లెక్క వేస్తే ఇలా వస్తుంది:

```
C25H52 + 38 O2 → 25 CO2 + 26 H2O
```

38 పాళ్ళ ఆక్సిజన్ పోతే 25 పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ దాని చోట్లోకి వస్తుంది. నీటి ఆవిరి చల్లబడి నీళ్ళయిపోతుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పోతే 13 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. నికరంగా తగ్గింది 7 మిల్లీలీటర్లే. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరుగుతుంది కదా అంటే, కరుగుతుంది, కానీ ఆ కొద్ది క్షణాల్లో కరిగేది చాలా తక్కువ. 66కి 7 కలిపితే 73. చార్టు మీద ఉన్నది 80. దగ్గరగానే ఉంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఆగండి. ఆ 90 ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. "నేను అనుకున్నాను. కొలవలేదు. 70 అనుకుని ఉంటే 343 నుంచి 303కి, సుమారు 47 మిల్లీలీటర్లే వచ్చేది. 110 అనుకుంటే 80 దాటిపోయేది. జవాబు 80 దగ్గరికి రావాలని నాకు ముందే తెలుసు. దానికి సరిపోయే అంకె ఎంచుకున్నాను. లెక్క తప్పులేకుండా వేశాను, ఆధారం మాత్రం చూపించలేదు. మీలో ఒక్కరు కూడా నన్ను అడగలేదు."

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆయన గొంతులో కోపం లేదు. పిల్లల్ని పట్టుకుందామని పన్నిన ఉచ్చులా కూడా అనిపించలేదు. తనని కూడా అడగాలి అని నిజంగానే కోరుకుంటున్న మనిషి గొంతు అది. లెక్క పనికిరాదని కాదు, దాని పని ఏమిటో తెలియాలి అని వివరించారు. చల్లబడటం వల్ల ఇంత నీరు ఎక్కడం సాధ్యమేనని లెక్క చెబుతుంది. ఆ జాడీలో అదే జరిగిందని చెప్పాలంటే థర్మామీటరు కావాలి. అదీ ఒక్కటి చాలదు. మంటకి పైన ఉన్న గాలి, పక్కన ఉన్న గాలి, జాడీ కింది భాగంలో గాలి ఒకే వేడిలో ఉండవు. కనీసం మూడు చోట్ల కొలిచి సగటు తియ్యాలి. అంతకన్నా తేలిక, జాడీని దించే వేగం మార్చి చూడటం. మంట పైన 10 సెకన్లు పట్టుకుని దించితే నీళ్ళు ఎక్కువ ఎక్కుతాయి, చటుక్కున దించేస్తే తక్కువ. ఆక్సిజన్ లెక్కలో ఈ తేడాకి చోటు లేదు.

ఆ తర్వాత ఆ అమ్మాయి నోటుపుస్తకం అడిగారు. చార్టు కాదు, నోటుపుస్తకం. అందులో కొట్టేసిన కొలతలు ఉన్నాయి. పొడుగు జాడీతో ఒకటి, వెడల్పు సీసాతో రెండు, పొట్టి కొవ్వొత్తితో కొన్ని. అన్నీ ఐదో వంతుకి అటూ ఇటూ. వాటి పక్కన "సరిగా రాలేదు" అని రాసి ఉంది. చివరికి ఐదో వంతు వచ్చిన జాడీ దొరికింది, అది స్టాల్లోకి వచ్చింది. మాస్టారు ఆ పేజీ పైకెత్తి చూపిస్తూ అన్న మాట ఇది: "ఈ స్టాల్లో అన్నిటికన్నా విలువైన కాగితం ఇదీ. ఇది చింపెయ్యకుండా ఉంచినందుకు ఈ అమ్మాయికి నమస్కారం. సరిగా రాలేదు అని ఎలా తెలిసిందమ్మా నీకు? పుస్తకంలో ఐదో వంతు అని ఉంది కాబట్టి. అంటే పుస్తకం జాడీకి సాక్ష్యం చెప్పింది, జాడీ పుస్తకానికి చెప్పలేదు."

నిజాయితీగా చేసినా ఇది జరుగుతుందని ఆయన చాలాసేపు చెప్పారు. అనుకున్న అంకె రాకపోతే ఎక్కడ పొరపాటు జరిగిందా అని వెతుకుతాం. వస్తే వెతకడం ఆపేస్తాం. ఆ జాడీలోనూ పొరపాట్లు ఉన్నాయి, అంకె సరిపోయింది కాబట్టి ఎవరూ చూడలేదు. కాగితం పట్టీ ఎత్తుని కొలుస్తుంది, మనకి కావలసింది ఘనపరిమాణం. జాడీ పైకి పోయేకొద్దీ సన్నబడితే ఐదో వంతు ఎత్తు ఐదో వంతు గాలి కాదు. లోపల నిలబడిన కొవ్వొత్తి కూడా చోటు తీసుకుంటుంది. 2 సెంటీమీటర్ల మందం, 8 సెంటీమీటర్ల పొడవు ఉన్న కొవ్వొత్తి ఒక్కటే 25 మిల్లీలీటర్లు. సరైన పద్ధతి ఏమిటంటే, నీళ్ళు ఆగిన చోట గాజు మీద గీత గీసి, జాడీని తిరగేసి, ఆ గీత దాకా నీళ్ళు పోసి, వాటిని కొలజాడీలో ఒంపి చూడటం. మొదట నీటి మట్టం ఉన్న గీత దాకా కూడా అలాగే. రెంటిలోనుంచీ లోపల గాలిలో నిలబడిన కొవ్వొత్తి భాగాన్ని తీసెయ్యాలి. ఆపైన ఒకే జాడీతో కనీసం ఐదుసార్లు చేసి, వచ్చిన ఐదు అంకెలూ చార్టు మీద రాయాలి, నచ్చినది ఒక్కటి కాదు.

ఈ ప్రయోగానికి వయసు చాలా ఎక్కువని కూడా ఆ రోజే తెలిసింది. రెండు వేల ఏళ్ళకి పూర్వమే గ్రీకు యంత్రకారుడు ఫైలో దీన్ని వర్ణించాడు. ఆక్సిజన్ పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. నిప్పు గాలిని హరించడం వల్లే నీళ్ళు ఎక్కాయన్నాడాయన. చూసింది అదే, చెప్పిన కారణాలు కాలాన్నిబట్టి మారాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజే దారి వేరు. ఆయన పాదరసాన్ని మూసిన గాలిలో 12 రోజులు వేడిచేశాడు. 50 ఘనపు అంగుళాల గాలి 42, 43 దాకా తగ్గింది, పాదరసం మీద ఎర్రటి పొడి ఏర్పడింది. అక్కడితో ఆగి "వాడుకుంది" అని రాసి ఉంటే అది చార్టు మీది మాటే. ఆ ఎర్రపొడిని విడిగా తీసి ఇంకా గట్టిగా వేడిచేసి, పోయిన 7, 8 ఘనపు అంగుళాల గాలిని తిరిగి రాబట్టాడు. అందులో కొవ్వొత్తి ధగధగా మండింది. మిగిలిపోయిన గాలిలో దాన్ని కలిపితే మళ్ళీ మామూలు గాలిలాంటిదే అయింది. పోయింది ఎక్కడికి పోయిందో చూపించి, అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చి చూపించాడు. ఆయనకి వచ్చింది దాదాపు ఆరో వంతు. ఆరో వంతనే రాశాడు.

మరి గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ అని పిల్లలు తమ చేతులతో తేల్చుకునే దారి లేదా? ఉంది. దానికి కావలసింది కొవ్వొత్తి కాదు, ఇనుప పీచు. మాస్టారు అప్పటికే రెండు పరీక్షనాళికలు సిద్ధం చేసి ఉంచారు. ఒక్కొక్కటీ 15 సెంటీమీటర్ల పొడవు. సన్నటి ఇనుప పీచు అర గ్రాము తీసుకుని, దాని మీద ఉండే నూనె పోయేలా సబ్బుతో కడిగారు. నూనె ఉంటే తుప్పు పట్టడం ఆలస్యమవుతుంది. తర్వాత వెనిగర్‌లో ఒక నిమిషం ముంచి, గట్టిగా విదిలించి, వదులుగా విడదీసి, ఒక నాళిక అడుగుకి తోసి, ఆ నాళికను నీళ్ళున్న బీకరులో బోర్లించారు. రెండో నాళికను ఏమీ పెట్టకుండా దాని పక్కనే బోర్లించారు. రెండింటిలోనూ గాలి, బయట ఉన్న వేడిలోనే ఉంది. ఇక్కడ మంట లేదు, వేడి లేదు, బుడగలు లేవు. ఇనుము ఆక్సిజన్తో కలిసి తుప్పుగా మారి అక్కడే ఉండిపోతుంది, దాని చోట్లోకి ఇంకో వాయువు రాదు.

ఇందులోనూ చెడేవి ఉన్నాయి. అంట్లు తోమే పీచుల్లో తుప్పు పట్టని స్టీలు రకం వాడితే రెండు రోజులైనా నీళ్ళు కదలవు. వెనిగర్ సరిగా విదిలించకపోతే ఆమ్లం ఇనుముతో చర్య జరిపి హైడ్రోజన్ పుట్టిస్తుంది. పీచు మీద సన్నటి బుడగలు కనిపిస్తే అదే గుర్తు, అప్పుడు నీటి మట్టం ఉండాల్సినదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇనుము చాలకపోతే ఆక్సిజన్ మిగిలిపోతుంది. ఈ కొలత నాళికకి కొద్ది పదుల మిల్లీగ్రాముల ఇనుమే కావాలి, కానీ పీచు పైపైనే తుప్పు పడుతుంది కాబట్టి అర గ్రాము పెట్టడం క్షేమం. ఎప్పుడు ఆపాలన్నది కూడా ముందే రాయించారు: గంట తేడాతో తీసిన రెండు కొలతలు ఒకటే అయినప్పుడు. ఐదో వంతు వచ్చినప్పుడు కాదు.

రెండో నాళిక ఎందుకు అని ఒక చిన్నపిల్ల అడిగింది. "ఇనుము లేకుండా కూడా నీళ్ళు ఎక్కుతాయేమో అది చెబుతుంది తల్లీ. రాత్రికి గది చల్లబడితే రెండు నాళికల్లోనూ గాలి కుంచించుకుంటుంది. ఇనుము చేసిన పని ఎంతో, చలి చేసిన పని ఎంతో విడదీసేది ఆ ఖాళీ నాళికే" అన్నారు. ఆ సాయంత్రం కొవ్వొత్తి స్టాల్లో లేనిది సరిగ్గా అదే.

మర్నాడు పొద్దున స్టాలు తెరవకముందే ఆ అమ్మాయి బీకరు ముందు కూర్చుని ఉంది. పీచు ఎర్రగా తుప్పు పట్టింది. మాస్టారు నాళికను కొద్దిగా కిందికి దించి లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే మట్టానికి వచ్చేలా పట్టుకున్నారు, లోపలి గాలి ఒత్తిడి బయటి గాలితో సమానం కావాలని. ఇనుము ఉన్న నాళికలో నీళ్ళు 3.2 సెంటీమీటర్లు ఎక్కాయి, ఖాళీ నాళికలో 0.2. రాత్రి గది నాలుగు డిగ్రీలు చల్లబడితే 15 సెంటీమీటర్ల గాలి అంత కుంచించుకుంటుంది. గోడకున్న థర్మామీటరు కూడా అదే చూపించింది. తీసేస్తే 3.0, పదిహేనులో 20 శాతం.

"సరిపోయింది మాస్టారూ!" అన్నారు చుట్టూ మూగిన పిల్లలు.

ఆ అమ్మాయి మాత్రం నాళికను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తోంది. "అడుగు గుండ్రంగా ఉంది మాస్టారూ. అక్కడ గాలి తక్కువ పడుతుంది. 15 సెంటీమీటర్లు అని లెక్క వెయ్యకూడదు" అంది.

ఆయన నవ్వి, కొలజాడీ ఆమె చేతికిచ్చారు. ఆమె పీచు బయటికి తీసి, నాళికను నీళ్ళతో అంచు దాకా నింపి, చుక్క పోకుండా జాడీలోకి ఒంపి, అంకె నోటుపుస్తకంలో రాసుకుంది. తర్వాత గీత దాకా నింపి మళ్ళీ ఒంపడం మొదలుపెట్టింది.